రెండు వంతెనలు, ఒకే నగరం

డిగ్రీ, పీజీ ఇంగ్లీషు సాహిత్యం పరీక్షల్లో ఏళ్ల తరబడి వస్తున్న ప్రశ్న ఒకటుంది. కవిత్వంలో రొమాంటిసిజానికీ మోడర్నిజానికీ తేడా ఏమిటి? జవాబు పత్రాలు దిద్దడానికి కూర్చున్న ప్రతిసారీ నాకు దాదాపు ఒకే జవాబు ఎదురవుతుంది. పేజీ మధ్యలో స్కేలుతో నిలువు గీత ఉంటుంది. ఎడమవైపు ప్రకృతి, కుడివైపు నగరం. ఎడమవైపు ఛందస్సు, కుడివైపు వచన కవిత్వం. ఎడమవైపు 'నేను', కుడివైపు 'నేను' లేకపోవడం. గైడ్లలో ఉన్న పట్టికే ఇది. పాస్ మార్కులు వస్తాయి. కానీ ఆ గీతకు రెండు పక్కలా ఉన్న కవితలు తెరిచి చదివితే పట్టికలో ఒక్క వరుసా సరిగ్గా నిలబడదు.

ఎందుకు నిలబడదో చూపించడానికి నా తరగతిలో నేను రెండు కవితలనే వాడతాను. రెండూ లండన్ గురించినవే. రెండింట్లోనూ కవి థేమ్స్ నది మీద వంతెన దగ్గరే ఉంటాడు. రెండింట్లోనూ పొద్దున్న వేళే. మొదటిది 1802లో వర్డ్స్‌వర్త్ రాసిన వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన సానెట్. రెండోది 1922లో వచ్చిన ఎలియట్ 'ది వేస్ట్ ల్యాండ్' మొదటి భాగం చివర్లోని లండన్ బ్రిడ్జి ఘట్టం. మధ్యలో నూట ఇరవై ఏళ్లు. నది వెంట నడిస్తే ఆ రెండు వంతెనల మధ్య దూరం మూడు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఊరు అదే, నది అదే, వేళ అదే కాబట్టి వాటిని తేడాలుగా చూపించే దారి మూసుకుపోతుంది. ఇంకా మిగిలిన తేడా ఏదైతే ఉందో అదే మనకు కావలసింది.

కవితల్లోకి వెళ్లేముందు పేర్ల సంగతి ఒకటి చెప్పాలి. తెలుగు విద్యార్థికి ఈ రెండు మాటలూ ఇబ్బంది పెడతాయి. 'రొమాంటిక్' అనగానే మన చెవికి ప్రేమ వినిపిస్తుంది. ఇక్కడ దానికి ఆ అర్థం లేదు. సుమారు 1798 నుంచి 1832 వరకు ఇంగ్లండులో సాగిన ఒక కవితా ధోరణి పేరు అది. బ్లేక్, వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్, బైరన్, షెల్లీ, కీట్స్ అందులో ప్రధానులు. ఇక 'ఆధునిక కవిత్వం' అంటే మనకు 1910లో గురజాడ 'ముత్యాల సరాలు' నుంచి మొదలై భావకవిత్వాన్ని కూడా కలుపుకునే విశాలమైన మాట. మోడర్నిజం అంత విశాలమైంది కాదు. స్థూలంగా 1910 నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా ఎలియట్, ఎజ్రా పౌండ్ లాంటివాళ్లు తెచ్చిన ఒక ప్రత్యేక పద్ధతి. 1922లో 'వేస్ట్ ల్యాండ్' అచ్చయినప్పుడు మన దగ్గర భావకవిత్వం మంచి ఊపు మీద ఉంది. కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' ఇంకా రాలేదు. ఇంగ్లీషు రొమాంటిక్ కవులను ఇష్టంగా చదువుకున్న మన కవులు కొత్తదారులు తీస్తున్న ఆ రోజుల్లోనే, అక్కడ ఆ దారిని కాదనే కవిత్వం మొదలైపోయింది. అందుకే తెలుగులో 'ఆధునికం' అన్న ప్రతిదాన్నీ 'మోడర్నిస్టు' అని ఇంగ్లీషు చేస్తే జవాబు మొదటి వాక్యంలోనే పక్కదారి పడుతుంది.

ఇక వర్డ్స్‌వర్త్ వంతెన.

1802 జులై 31. శనివారం. పొద్దున్న ఐదున్నర, ఆరు మధ్య. ముప్పై రెండేళ్ల వర్డ్స్‌వర్త్, చెల్లెలు డొరతీతో కలిసి చేరింగ్ క్రాస్ దగ్గర డోవర్ వెళ్లే గుర్రబ్బండి ఎక్కాడు. బండి వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన దాటింది. ఈ సంగతులన్నీ మనకు డొరతీ దినచర్య పుస్తకం వల్ల తెలుసు. ఆ ఉదయం ఊరి మీద ఎప్పుడూ ఉండే పొగ లేదనీ, ఎండ తేటగా ఉందనీ, ఇళ్లు అంతులేకుండా పరుచుకుని కనిపించాయనీ ఆమె రాసుకుంది. కవిత శీర్షికలో మాత్రం సెప్టెంబరు 3 అనే తేదీ ఉంటుంది. అది వాళ్లు తిరిగి వచ్చాక, బహుశా కవిత ఒక రూపానికి వచ్చిన రోజు. 1807లో అచ్చయింది.

పద్నాలుగు పాదాల సానెట్ అది, పెట్రార్క్ పద్ధతిలోది. మొదటి ఎనిమిది పాదాలకు రెండే ప్రాసలు, చివరి ఆరింటికి ఇంకో రెండు. కవి తన తీర్పుతోనే మొదలుపెడతాడు. భూమి మీద ఇంతకన్నా అందమైన దృశ్యం లేదంటాడు. తర్వాత ఊరు పొద్దుటి అందాన్ని బట్టలా కట్టుకుని ఉందని చెప్పి, ఓడలు, గోపురాలు, నాటకశాలలు, గుళ్లు అన్నీ ఆకాశానికీ పొలాలకూ తెరుచుకుని ఉన్నట్టు వరసగా చూపిస్తాడు. అలాంటి ప్రశాంతతను తాను ఎన్నడూ చూడలేదనీ అనుభవించలేదనీ అంటాడు. నది తన ఇష్టానికి తాను సాగుతోంది. చివరికి దేవుణ్ణి పిలుస్తూ, ఇళ్లు కూడా నిద్రలో ఉన్నట్టున్నాయనీ ఆ మహానగరపు గుండె కదలక పడుకుని ఉందనీ ముగిస్తాడు.

ఇందులో ఎవరూ తొందరగా గమనించని సంగతి ఒకటుంది. కవితలో మనుషులు లేరు. 1801 జనగణన ప్రకారం సుమారు పది లక్షల మంది ఉన్న ఊరు అది. వాళ్లలో ఒక్కరూ కవితలోకి రారు. ఊరు అందంగా ఉండటానికి వాళ్లింకా లేవకపోవడమే కారణం. కవి నగరాన్ని చూస్తూ నగరంలో ప్రకృతిని కనుక్కుంటున్నాడు. ఇళ్లను కొండలతోనూ లోయలతోనూ పోల్చడానికి వీలయ్యే గంట అది. కాబట్టి 'రొమాంటిక్ కవి అంటే ప్రకృతి' అనే మాటలో కొంత నిజం లేకపోలేదు. కాకపోతే ప్రకృతి అక్కడ వస్తువుగా కాక చూపుగా ఉంది. కవి మనసుకూ ఎదుటి లోకానికీ ఏదో పొత్తు కుదురుతుందనే నమ్మకం అది. ఆ నమ్మకం ఉంటే ఊరైనా ఒకటే, కొండైనా ఒకటే.

రెండో సంగతి. కవి గుర్రబ్బండిలో కదిలిపోతున్నాడని కవిత మనకు చెప్పదు. ఒకడు ఆగి, నిలబడి, నింపాదిగా చూస్తున్నట్టే ఉంటుంది. ఆ నింపాది గుర్తుతెచ్చుకునేటప్పుడు కలిగింది. 'లిరికల్ బాలడ్స్' 1800 ముద్రణకు రాసిన ముందుమాటలో వర్డ్స్‌వర్త్ తన పద్ధతి వివరించాడు. మంచి కవిత్వం బలమైన అనుభూతులు వాటంతటవే పొంగడమని మన విద్యార్థులు కంఠతా అప్పజెబుతారు. అదే ముందుమాటలో ఆయన వెంటనే పెట్టిన షరతులు వదిలేస్తారు. ఆ కవి ముందే దీర్ఘంగా ఆలోచించినవాడై ఉండాలి. ఆ అనుభూతిని తర్వాత, మనసు కుదుటపడ్డాక గుర్తుచేసుకోవాలి. అలా గుర్తుచేసుకుంటుండగా ప్రశాంతత కరిగి, మొదటి అనుభూతిలాంటిదే ఇంకొకటి మనసులో పుట్టాలి. అప్పుడు కవిత మొదలవుతుంది. అంటే రొమాంటిక్ కవి ఆవేశంలో గిలికేస్తాడనేది తప్పు. జులైలో బండి మీద చూసింది సెప్టెంబరు తేదీతో సానెట్‌గా నిలిచిందంటే జరిగింది ఈ పనే.

ఇప్పుడు మూడు కిలోమీటర్లు దిగువకు, నూట ఇరవై ఏళ్లు ఇవతలికి రావాలి.

థామస్ స్టెర్న్స్ ఎలియట్ అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1888లో పుట్టాడు. 1917 నుంచి 1925 దాకా లండన్‌లో లాయిడ్స్ బ్యాంకు ఉద్యోగి. పొద్దున్నే లండన్ బ్రిడ్జి మీదుగా బ్యాంకుల పేటకు నడిచివెళ్లే గుమాస్తాల గుంపు ఆయనకు రోజూ కనిపించేదే. 'వేస్ట్ ల్యాండ్'లో ఆ గుంపు మీద పదిహేడు పాదాలున్నాయి. చలికాలపు తెల్లవారు, గోధుమరంగు పొగమంచు. ఊరు నిజంగా ఉందా లేదా అన్నట్టుంటుంది. వంతెన మీద జనం ప్రవాహంలా పోతుంటారు. ప్రతివాడి కళ్లూ తన పాదాల ముందు నేలమీదే. కింగ్ విలియం వీధి, ఆ మూలనున్న సెయింట్ మేరీ వుల్‌నాత్ చర్చి, ఆ చర్చి గడియారం తొమ్మిది కొట్టేటప్పుడు చివరి దెబ్బకు వినిపించే జీవం లేని శబ్దం. ఆ శబ్దాన్ని తాను చాలాసార్లు గమనించానని ఎలియట్ తన వివరణల్లోనే రాశాడు.

అయితే ఆ గుంపును చూస్తున్న కంటికి వెంటనే డాంటే నరకం గుర్తొస్తుంది. మంచీ చేయక చెడూ చేయక బతుకు వెళ్లదీసిన ఆత్మలు నరకద్వారం దగ్గర గుంపుగా పరుగెడుతుంటాయి. వాళ్లను చూసి, చావు ఇంతమందిని తీసుకుపోయిందా అని డాంటే ఆశ్చర్యపోతాడు. ఎలియట్ ఆ ఆశ్చర్యాన్నే తెచ్చి వంతెన మీది గుమాస్తాలకు తగిలించాడు. 1914–18 యుద్ధం ముగిసి నాలుగేళ్లే అయింది. అప్పటి పాఠకుడికి ఆ గుంపులో ఎవరు బతికినవాళ్లో ఎవరు పోయినవాళ్లో అన్న అనుమానం ఊరికే వచ్చింది కాదు.

ఇక్కడిదాకా ఒక రొమాంటిక్ కవి కూడా రాయగలడేమో. తర్వాతి మలుపు మాత్రం రాయలేడు. చెబుతున్నవాడికి గుంపులో తెలిసినవాడు కనిపిస్తాడు. పేరు స్టెట్సన్. ఆపి పలకరిస్తాడు. మైలే దగ్గర ఓడల్లో మనం కలిసి ఉన్నాం కదా అంటాడు. మైలే యుద్ధం క్రీస్తుపూర్వం 260లో రోముకూ కార్తేజికీ మధ్య జరిగింది. 1922లో లండన్ వీధిలో ఒక గుమాస్తా ఇంకో గుమాస్తాను రెండు వేల ఏళ్ల కిందటి నౌకాయుద్ధంలో తోటి సైనికుడిగా గుర్తుపడుతున్నాడు. ఎందుకో కవిత చెప్పదు. వెంటనే, నీ తోటలో పోయినేడు పాతిన శవం మొలకెత్తిందా అని అడుగుతాడు. కుక్కను దగ్గరికి రానీయకు, గోళ్లతో తవ్వి బయటికి తీస్తుంది అంటాడు. ఆ మాట వెబ్‌స్టర్ అనే పదిహేడో శతాబ్దపు నాటకకర్త దగ్గర తీసుకుని మార్చింది. వెబ్‌స్టర్ దగ్గర అది తోడేలు, మనిషికి శత్రువు. ఎలియట్ చేతిలో అది కుక్క అయింది, మనిషికి స్నేహితుడు అయింది. చిట్టచివరి పాదం బోద్‌లేర్ అనే ఫ్రెంచి కవిది, ఫ్రెంచిలోనే ఉంటుంది. అందులో కవి సూటిగా పాఠకుడి వైపు తిరిగి నువ్వూ నాలాంటివాడివేనని వేలు చూపిస్తాడు.

మొదటిసారి చదివిన విద్యార్థి ఇక్కడ పుస్తకం మూసేస్తాడు. మూయకుండా రెండు కవితలనూ పక్కపక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకోమంటాను. మాట్లాడుతున్నది ఎవరు?

వర్డ్స్‌వర్త్ సానెట్‌లో జవాబు తేలిక. ఒకడే మాట్లాడుతున్నాడు. వాడికి ఒక చోటు ఉంది, ఒక చూపు ఉంది. మొదటి పాదంలో తీర్పు చెప్పిన గొంతే చివరి పాదంలో దేవుణ్ణి పిలిచిన గొంతు. వాక్యం నుంచి వాక్యానికి దారి ఉంది. అందం చూశాడు, ఏమేం కనిపించాయో చెప్పాడు, తనలో ఏం కలిగిందో చెప్పాడు. మనం వాడి పక్కన నిలబడి వాడి కళ్లతో చూస్తాం. ఎలియట్ ఘట్టంలో 'నేను' అనే మాట ఉంది. కానీ ఆ 'నేను' ఎవరు? బ్యాంకు గుమాస్తానా, నరకంలో నడుస్తున్న డాంటేనా, రోమన్ సైనికుడా? పదిహేడు పాదాల్లో గొంతు కనీసం నాలుగుసార్లు మారుతుంది. మారినట్టు ఎవరూ చెప్పరు. ఒక ముక్క పక్కన ఇంకో ముక్క పెట్టి ఉంటుంది, మధ్యలో కుట్టు ఉండదు. ఆ రెంటికీ సంబంధం ఏమిటో పాఠకుడే వెతుక్కోవాలి.

ఈ మాటకు మంచి సాక్ష్యం ఆ కవిత చిత్తుప్రతుల్లో ఉంది. అవి చాలాకాలం ఎక్కడున్నాయో తెలియలేదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయని 1968లో బయటపడింది. 1971లో ఎలియట్ భార్య వాలెరీ వాటిని అచ్చువేయించారు. అందులో కవితకు మొదట పెట్టిన పేరు వేరు. డికెన్స్ నవల 'అవర్ మ్యూచువల్ ఫ్రెండ్'లో ఒక కుర్రాడు వార్తాపత్రిక బయటికి చదువుతూ పోలీసుల మాటలు వచ్చినచోట రకరకాల గొంతులు పెడతాడు. వాణ్ణి మెచ్చుకుంటూ అన్న మాటనే ఎలియట్ తన కవితకు పేరుగా పెట్టుకున్నాడు. తెర వెనక ఒక్కడే కూర్చుని రాజుకూ భటుడికీ కేతిగాడికీ గొంతులు మార్చే తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఈ పద్ధతి వింత కాదు. తేడా ఏమిటంటే ఆటలో ఏ గొంతు ఎవరిదో బొమ్మ చూపిస్తుంది. ఎలియట్ బొమ్మల్ని తీసేసి గొంతులు మాత్రం ఉంచాడు. ఉన్న అతుకుల్ని కూడా చాలావరకు ఎజ్రా పౌండ్ కొట్టేశాడు. ఆయన పెన్సిల్ గీతలు ఆ ప్రతుల మీద ఇప్పటికీ కనిపిస్తాయి.

నా దృష్టిలో అసలు తేడా ఇదే. రొమాంటిక్ కవితను ఒక మనసు కలిపి పట్టుకుంటుంది. మోడర్నిస్టు కవితలో అలా పట్టుకునే మనసు ఒకటి ఉందని మనకు హామీ ఉండదు. వస్తువు, ఛందస్సు, ఆశ, నిరాశ, సులువు, కష్టం అన్నీ దీని తర్వాతే.

పట్టికలో ఛందస్సు వరుసనే చూడండి. లండన్ బ్రిడ్జి ఘట్టం వచన కవిత్వమేనా? దాని పాదాలు చాలావరకు ఇంగ్లీషు కవులకు శతాబ్దాలుగా అలవాటైన ఐయాంబిక్ పెంటామీటర్ నడకకు దగ్గరగానే ఉంటాయి. పాదాలు, వీధి అనే అర్థాలున్న ఇంగ్లీషు మాటలు రెండు వరసపాదాల చివర చక్కగా ప్రాస కుదుర్చుకుంటాయి కూడా. ఇదే కవిత మూడో భాగంలో టైపిస్టు అమ్మాయి ఘట్టం ప్రాసల్లో సాగుతుంది. ఇటు వర్డ్స్‌వర్త్ రాసిన సుదీర్ఘమైన 'ప్రెల్యూడ్'లో అంత్యప్రాస లేదు. ప్రాస ఉందా లేదా అని చూసి ధోరణి తేల్చబోతే రెండుసార్లూ తప్పుతుంది.

'నేను' వరుస ఇంకా ఆసక్తికరమైంది. ఇక్కడే మంచి విద్యార్థి కూడా జారుతాడు.

1919లో ఎలియట్ ఒక వ్యాసం రాశాడు. పేరు 'ట్రెడిషన్ అండ్ ది ఇండివిడ్యువల్ టాలెంట్'. ప్రశాంతతలో గుర్తుచేసుకున్న అనుభూతి అనే వర్డ్స్‌వర్త్ సూత్రం సరైంది కాదని అందులో సూటిగానే కాదన్నాడు. కవిత్వం అంటే అనుభూతిని కుమ్మరించడం కాదు, దాన్నుంచి తప్పుకోవడం అన్నాడు. దానికి రసాయనశాస్త్రం నుంచి పోలిక తెచ్చాడు. ఆక్సిజన్, సల్ఫర్ డయాక్సైడ్ ఉన్న గదిలో సన్నని ప్లాటినం తీగ పెడితే ఆ రెండూ కలిసి ఆమ్లం అవుతాయి. ప్లాటినం లేకపోతే కలవవు. అయినా ఏర్పడిన ఆమ్లంలో ప్లాటినం ఆనవాలు ఉండదు, తీగా మారదు. కవి మనసు ఆ ప్లాటినం లాంటిదన్నాడు. పరీక్షలో ఈ పోలికను సరిగ్గా రాసినవాళ్లకు నేను మనసారా మార్కులు వేస్తాను.

కానీ సిద్ధాంతం ఒకటి, జరిగింది ఒకటి. సానెట్ రాసిన ఆ ఉదయం వర్డ్స్‌వర్త్ ఎక్కడికి పోతున్నాడు? ఫ్రాన్సులోని కలే పట్టణానికి. పదేళ్ల కిందట ప్రేమించిన ఆనెట్ వాలాన్‌నూ, ఆమెకు తనవల్ల పుట్టిన తొమ్మిదేళ్ల కెరొలైన్‌నూ కలవడానికి. యుద్ధం వల్ల మూసుకుపోయిన దారి ఆ ఏడు ఆమియాన్ శాంతి ఒప్పందంతో తెరుచుకుంది. రెండు నెలలు దాటగానే, అక్టోబరు 4న ఆయన మేరీ హచిన్సన్‌ను పెళ్లాడబోతున్నాడు. ఒక మనిషి బతుకులో ఇంతకన్నా బరువైన ప్రయాణం ఉండదు. సానెట్‌లో దీని ఊసే లేదు. మరి స్వీయానుభూతి కవి తన అసలు అనుభూతిని దాచాడా? ఎలియట్ వైపు చూస్తే కథ తిరగబడుతుంది. 'వేస్ట్ ల్యాండ్' రాసే రోజుల్లో ఆయన సంసారం చెడింది. 1921లో నరాల జబ్బుతో బ్యాంకుకు సెలవు పెట్టి మొదట మార్గేట్ సముద్రతీరంలోనూ తర్వాత స్విట్జర్లాండులోని లోజాన్‌లోనూ ఉంటూ కవిత పూర్తిచేశాడు. మార్గేట్, లోజాన్ సరస్సు రెండూ కవితలో కనిపిస్తాయి. ఆ కవిత తనకు జీవితం మీద ఉన్న సొంత చిరాకు వెళ్లగక్కుకోవడమేనని ఆయనే తర్వాత అన్నట్టు భార్య ప్రచురించిన చిత్తుప్రతుల గ్రంథంలోనే నమోదైంది.

కాబట్టి 'రొమాంటిక్ కవిత వ్యక్తిగతం, మోడర్నిస్టు కవిత వ్యక్తిగతం కాదు' అని రాస్తే ఆ కవుల జీవితాలే ఒప్పుకోవు. ఇలా రాస్తే ఒప్పుకుంటాయి: రొమాంటిక్ కవి తన సొంత సంగతి చెప్పకపోయినా సొంత గొంతుతో మాట్లాడతాడు. మోడర్నిస్టు కవి తన సొంత బాధ చెప్పినా పరాయి గొంతులతో చెప్పిస్తాడు.

రొమాంటిక్ కవులు గుంపును చూడలేదనుకోకూడదు. చూశారు. 'ప్రెల్యూడ్' ఏడో భాగమంతా లండన్ వీధులే. 1805 నాటికే ఆ కవిత ఒక రూపంలో పూర్తయింది, అచ్చయింది మాత్రం కవి పోయాక, 1850లో. అందులో వర్డ్స్‌వర్త్ రద్దీ వీధిలో నడుస్తూ, ఎదురొచ్చే ప్రతి ముఖమూ తనకు అంతుబట్టని రహస్యమే కదా అనుకుంటాడు. లోకం కలలా జారిపోతున్నట్టుంటుంది. ఇది ఎలియట్ వంతెనకు ఎంత దగ్గరో చూడండి. అంతలో గోడకు ఆనుకుని నిలబడ్డ గుడ్డి బిచ్చగాడు కనిపిస్తాడు. వాడెవడో, ఎక్కడివాడో రాసిన కాగితం ఛాతీ మీద తగిలించుకుని ఉంటాడు. అది చూసి కవి మనసు ఒక్కసారి గిర్రున తిరుగుతుంది. మనం మన గురించి గానీ ఈ లోకం గురించి గానీ తెలుసుకోగలిగింది ఆ కాగితమంతేనని తోస్తుంది.

అదే గుంపు, అదే పరాయితనం. అయినా బిచ్చగాడి దగ్గర కవి ఆగుతాడు, ఆ దృశ్యానికి తనకు తోచిన అర్థం తానే చెబుతాడు. గుంపులో చెదిరిన మనసు ఆ ఒక్క చోట మళ్లీ ఒకటవుతుంది. ఎలియట్ గుంపులో స్టెట్సన్‌ను ఆపినప్పుడు ఏ అర్థమూ తేలదు. జవాబు కూడా రాదు. స్టెట్సన్ నోరు విప్పడు. ప్రశ్నలు గాలిలో ఉండగానే కవిత పాఠకుడి మీదికి తిరుగుతుంది.

ఎందుకు మారింది అంటే ఒక్క కారణం చెప్పలేం. 1921 నాటికి లండన్ జనాభా డెబ్బై లక్షలు దాటింది. యుద్ధం ఒక తరం యువకులను తుడిచిపెట్టింది. అయితే యుద్ధమే మోడర్నిజాన్ని పుట్టించిందని రాయకండి, తేదీలు ఒప్పుకోవు. రొమాంటిసిజం మీద తిరుగుబాటు అంతకుముందే మొదలైంది. టి.ఇ. హ్యూమ్ అనే విమర్శకుడు యుద్ధానికి రెండుమూడేళ్ల ముందే దాని మీద వ్యాసం రాశాడు. మనిషి లోపల అనంతమైన శక్తి దాగి ఉందనే నమ్మకం కవిత్వాన్ని పలచబరిచిందనీ, మనిషి పరిమితులున్న జీవి అని ఒప్పుకున్న కవిత్వం పొడిగా, గట్టిగా ఉండాలనీ అతని వాదన. 1917లో అతను ఆ యుద్ధంలోనే చనిపోయాడు. పౌండ్ 1913లో అచ్చువేసిన పారిస్ మెట్రో కవిత కూడా యుద్ధానికి ముందుదే. రైలు దిగుతూ చూసిన అందమైన ముఖాల మీద మొదట ముప్పై పాదాలు రాశాడు, చించేశాడు. ఆరు నెలల తర్వాత అందులో సగం రాశాడు. ఏడాదికి రెండే పాదాలు మిగిలాయి. ఒక దానిలో గుంపులోని ముఖాలు, ఇంకో దానిలో తడి కొమ్మ మీది పూరేకులు. 'నేను చూశాను', 'నాకు అనిపించింది' అన్న మాటలేవీ లేవు. వర్డ్స్‌వర్త్ అయితే ఆ రెంటినీ కలిపే వాక్యాన్నే కవిత అనేవాడు. పౌండ్ దాన్ని కొట్టేశాడు.

పరీక్ష హాల్లో ఇదంతా రాయడానికి వ్యవధి ఉండదు. ముప్పై, ముప్పై ఐదు నిమిషాలు ఉంటాయి. నా సలహా ఏమిటంటే కాలాలూ పేర్లూ మొదటి పేరాలో నాలుగైదు వాక్యాల్లో ముగించండి. ఆరుగురు రొమాంటిక్ కవుల జాబితా అడగలేదు కాబట్టి ఇవ్వక్కర్లేదు. వెంటనే రెండు కవితలు పట్టుకోండి. ఈ వంతెనలే కానక్కర్లేదు, మీ సిలబస్‌లో కీట్స్ ఉంటే కీట్స్, 'ప్రూఫ్రాక్' ఉంటే అదే. ఒక్కోదాన్లో మాట్లాడేది ఎవరు, ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు దారి ఉందా, చివరికి అర్థం చెప్పేది కవా, పాఠకుడా అన్నది కవితలోని సంగతులతోనే చూపించండి. సిద్ధాంతానికి వర్డ్స్‌వర్త్ ముందుమాట ఒకటీ ఎలియట్ 1919 వ్యాసం ఒకటీ చాలు. రెండోది మొదటిదానికి నేరుగా జవాబు కాబట్టి వాటిని పక్కపక్కనే రాయండి. ఆ తర్వాత మీ వాదనకు ఎదురొచ్చే ఉదాహరణ ఒకటి మీరే తెచ్చుకోండి, బిచ్చగాడి ఘట్టం లాంటిది. తేడా అక్కడ కూడా నిలుస్తుందో లేదో తేల్చండి. రెంటికీ గీత అంత స్పష్టంగా లేదని వాదించిన విమర్శకులున్నారు. ఫ్రాంక్ కెర్మోడ్ 1957లో 'రొమాంటిక్ ఇమేజ్' పుస్తకంలో మోడర్నిస్టులు కాదన్నామనుకున్న రొమాంటిక్ ఊహలే వాళ్ల చిత్రాల్లో సాగుతున్నాయని చూపించాడు. ఆ ఒక్క వాక్యం రాసినా దిద్దేవాడికి మీరు పట్టిక దాటి చదివారని తెలుస్తుంది.

ఆ రెండు వంతెనలూ ఇప్పుడు అక్కడ లేవు. వర్డ్స్‌వర్త్ దాటిన వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన స్థానంలో 1862లో కొత్తది కట్టారు. ఎలియట్ నడిచిన లండన్ బ్రిడ్జిని 1968లో అమెరికావాళ్లు కొనుక్కుని, రాయి రాయి విప్పి తీసుకుపోయి ఆరిజోనాలో నిలబెట్టారు.

ఆఖరున రెండు కవితల ముగింపులూ చూడమంటాను, ఎందుకంటే రెండూ శాంతి దగ్గరే ఆగుతాయి. వర్డ్స్‌వర్త్ ఆ శాంతిని తాను అనుభవించానని తన మాటల్లో చెబుతాడు. దాన్ని నమ్మడానికి ఆయన గొంతు తప్ప మనకు వేరే ఆధారం అక్కర్లేదు. 'వేస్ట్ ల్యాండ్' చివర ఉరుము ఉరుముతుంది. హార్వర్డ్‌లో సంస్కృతం చదువుకున్న ఎలియట్ అక్కడికి బృహదారణ్యకోపనిషత్తు కథను తెచ్చాడు. ప్రజాపతి 'ద' అన్న ఒక్క అక్షరం పలికితే దేవతలకు ఒకలా, మనుషులకు ఒకలా, అసురులకు ఇంకోలా వినిపించింది. ఇంద్రియాలను అణచుకోమని, దానం చేయమని, దయ చూపమని. ఎలియట్ ఆ వరుస మార్చి దత్త, దయధ్వం, దమ్యత అని పెట్టుకున్నాడు. ఆ తర్వాత నాలుగు భాషల ముక్కలు ఒకదాని మీద ఒకటి కూలినట్టు పడతాయి. చివరి పాదంలో శాంతి అనే మాట మూడుసార్లు ఉంటుంది, సంస్కృతంలోనే. ఆ మాట పలికింది ఎవరో, వాళ్లకు శాంతి దొరికిందో లేదో కవితలో ఎక్కడా ఉండదు.